ట్రానెక్సామిక్ పని చేయలేదా, సరిపడా వేసుకోలేదా?

*"మేడం, నాకు 38 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, ట్యూబెక్టమీ అయింది. రెండేళ్లుగా పీరియడ్స్ టైముకే వస్తున్నాయి కానీ ఏడు రోజులు ఉంటున్నాయి. రెండో రోజు, మూడో రోజు ప్యాడ్ రెండు గంటలు కూడా ఆగదు, పెద్ద గడ్డలు పడతాయి. స్కాన్ నార్మల్, హిమోగ్లోబిన్ 9.2. ట్రానెక్సామిక్ యాసిడ్ 500 మాత్రలు ఇచ్చారు. బాగా ఎక్కువైనప్పుడు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున రెండు నెలలు వాడాను, తేడా లేదు. నొప్పికి మెఫెనమిక్ వేసుకున్న నెలలో మాత్రం బ్లీడింగ్ కూడా తగ్గినట్టనిపించింది. ఇది నా భ్రమా? రెండూ కలిపి వేసుకోవచ్చా? డాక్టర్ గారు హార్మోన్ కాయిల్ అంటున్నారు. నాకు హార్మోన్లంటే భయం. మా అక్క నోర్‌ఎథిస్టిరోన్ వాడి ఆపగానే బ్లీడింగ్ ఇంకా ఎక్కువైంది."*

భ్రమ కాదమ్మా, మెఫెనమిక్‌కి బ్లీడింగ్ తగ్గించే గుణం నిజంగానే ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ట్రానెక్సామిక్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీరు దాన్ని ఇంకా సరిగ్గా వాడి చూడలేదు. పని చేయలేదని ఇప్పుడే కొట్టిపారేస్తే ఒక మంచి మందుని ఊరికే వదులుకున్నట్టే.

మీరు వేసుకున్నది రోజుకి 1 గ్రాము. భారీ బ్లీడింగ్‌కి మామూలుగా ఇచ్చే మోతాదు రోజుకి 3 గ్రాములు. అంటే 500 మి.గ్రా. మాత్రలు రెండేసి చొప్పున మూడు పూటలా, మొత్తం ఆరు. బ్లీడింగ్ ఎక్కువగా ఉండే రోజుల్లో మాత్రమే, నాలుగు రోజులకి మించకుండా. కొన్ని దేశాల్లో 650 మి.గ్రా. మాత్ర వాడతారు, అక్కడ రెండేసి చొప్పున మూడు పూటలా ఐదు రోజుల దాకా ఇస్తారు. ఎలా చూసినా మీకు అందింది మూడో వంతుకి మించదు. ఇది మీ తప్పు అని నేననను. చీటీ మీద ఏం రాశారో ఒకసారి తీసి చూడండి. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో "మాత్రలు వేసుకుంటున్నారా" అని అడిగేదాన్ని, వాళ్లు తలూపేవాళ్లు, నేను "మందు ఫెయిల్" అని రాసేసేదాన్ని. ఎన్ని, ఏ టైముకి అని అడగడం చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

మూడు పూటలు ఎందుకు వేసుకోవాలో అర్థం కావాలంటే గర్భసంచి లోపల ఏం జరుగుతుందో కాస్త చూడాలి. పీరియడ్‌లో లోపలి పొర ఊడిపోయినప్పుడు దాని అడుగున ఉన్న సన్నటి రక్తనాళాల మూతులు తెరుచుకుంటాయి. చర్మం తెగితే రక్తం ఎలా గడ్డకట్టి ఆగుతుందో, అక్కడా అలాగే ఫైబ్రిన్ అనే దారాల వల అల్లుకుని మూతి మూసుకుంటుంది. అయితే గర్భసంచికి ఒక ప్రత్యేకత ఉంది. ఆ గడ్డలని కరిగించే ఏర్పాటు కూడా దాని పొరలోనే బాగా ఉంటుంది. మామూలు పీరియడ్ రక్తం ద్రవంగా బయటికి వచ్చేది అందుకే. ఈ కరిగించే పని చేసేది ప్లాస్మిన్. అది ప్లాస్మినోజెన్ అనే రూపంలో నిద్రపోతూ ఉండి, ఫైబ్రిన్ దారాన్ని పట్టుకున్నాక లేచి పని మొదలుపెడుతుంది. చాలామంది భారీ బ్లీడింగ్ వాళ్లలో ఈ కరిగించే పని మోతాదు మించి జరుగుతుంది. ఒక పక్క మూత పడుతూ ఉంటే ఇంకో పక్క ఊడిపోతూ ఉంటుందన్నమాట.

ట్రానెక్సామిక్ యాసిడ్ చూడటానికి లైసిన్ అనే అమైనో ఆమ్లంలా ఉంటుంది. ప్లాస్మినోజెన్ ఫైబ్రిన్‌ని పట్టుకునేది లైసిన్ ఉన్న చోటే. ఈ మందు వెళ్లి ప్లాస్మినోజెన్ చేతిలో ముందే కూర్చుంటుంది, ఇక దానికి ఫైబ్రిన్‌ని పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. అంతే, పడిన మూత పడినట్టు ఉంటుంది. జపాన్‌లో ఉటాకో ఒకామోటో, ఆమె భర్త షోసుకె కలిసి 1960ల మొదట్లో దీన్ని కనిపెట్టారు. ప్రసవం తర్వాత రక్తస్రావంతో చనిపోతున్న తల్లుల కోసం మొదలుపెట్టిన వెతుకులాట అది.

ఇప్పుడు గమనించండి, ఈ మందు కొత్తగా గడ్డ కట్టించదు. కట్టినదాన్ని కరగనివ్వదు, అంతవరకే. పైగా శరీరంలో ఎక్కువసేపు నిలవదు, కొన్ని గంటల్లోనే చాలావరకు మూత్రంలో పోతుంది. మీరు పొద్దున ఎనిమిదికి ఒకటి వేసుకుని రాత్రి తొమ్మిదికి ఇంకొకటి వేసుకుంటే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆ మూతలకి కాపలా ఎవరూ లేరు. అందుకే ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది లాంటి టైములు పెట్టుకోమంటాను, ఫోన్లో అలారం పెట్టుకోండి. ఇంకో తప్పు "బాగా ఎక్కువయ్యాక" మొదలుపెట్టడం. మీ బ్లీడింగ్ రెండో రోజు ఎక్కువవుతుందని మీకు ముందే తెలుసు కదా, అలాంటప్పుడు మొదటి రోజు ధార మొదలవగానే వేసుకోవాలి. పీరియడ్‌లో పోయే రక్తంలో చాలాభాగం మొదటి మూడు రోజుల్లోనే పోతుంది. మూడో రోజు సాయంత్రం మొదలుపెడితే తగ్గించడానికి మిగిలేది తక్కువే.

సరిగ్గా వాడితే ఎంత తగ్గుతుంది? సగటున 40 నుంచి 50 శాతం. ఇక్కడే చాలామందికి నిరాశ మొదలవుతుంది కాబట్టి మీ లెక్కనే వేసి చూపిస్తాను. బ్లీడింగ్‌ని అంచనా వేయడానికి ప్యాడ్ లెక్క ఒకటుంది. కొద్దిగా మరకైన ప్యాడ్‌కి 1, ఓ మాదిరిగా తడిసినదానికి 5, పూర్తిగా తడిసినదానికి 20, చిన్న గడ్డకి 1, పెద్ద గడ్డకి 5. మొత్తం 100 దాటితే భారీ బ్లీడింగ్ అనుకోవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి ఊహిస్తున్నాను: మొదటి రోజు మూడు ఓ మాదిరి ప్యాడ్‌లు, 15. రెండో రోజు పూర్తిగా తడిసినవి ఎనిమిది, 160. మూడో రోజు ఆరు, 120. నాలుగో రోజు ఓ మాదిరివి నాలుగు, 20. చివరి మూడు రోజులు రోజుకి రెండు మరకలు, 6. పెద్ద గడ్డలు నాలుగు, 20. మొత్తం 341.

ట్రానెక్సామిక్ పూర్తిగా పని చేసి ఇది సగమైందనుకోండి, 170. అంటే మందు తన పని తాను చక్కగా చేసినా మీకింకా భారీ బ్లీడింగే! రెండో రోజు ఎనిమిది ప్యాడ్‌లు నాలుగైతే, "ఇంకా అవుతూనే ఉంది కదా" అనిపిస్తుంది. రోజులు కూడా పెద్దగా తగ్గవు, ఏడు రోజులది ఏడు రోజులే ఉండొచ్చు, ధార మాత్రం సన్నబడుతుంది. అందుకని పని చేసిందా లేదా అన్నది మనసుకి తోచినదాన్ని బట్టి కాకుండా కాగితం మీద లెక్క పెట్టి తేల్చండి. ఈ లెక్క మిల్లీలీటర్లకి సరిగ్గా సమానం కాదు, ప్యాడ్ సైజు మారితే అంకె మారుతుంది, కాబట్టి అన్ని నెలలూ ఒకే రకం ప్యాడ్ వాడండి.

ఈ మందుకి నొప్పి మీద పనేమీ లేదు. గర్భనిరోధకం కాదు, హార్మోన్ కాదు, పీరియడ్ టైముని మార్చదు. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్యలో చుక్కలు చుక్కలుగా వచ్చే బ్లీడింగ్‌కి ఇది వేసుకుంటూ కూర్చోవడం సరికాదు, దానికి కారణం వెతకాలి. వికారం, విరేచనాలు, తలనొప్పి కొందరికి వస్తాయి. ఇంతకు ముందు కాలి రక్తనాళాల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన వాళ్లకి, ఫిట్స్ వచ్చిన వాళ్లకి ఇది ఇవ్వకూడదు. కిడ్నీ సరిగా లేకపోతే మోతాదు తగ్గించాలి, బాగా దెబ్బతింటే అసలు వద్దు. అలాంటి ఇబ్బందులు లేని వాళ్లలో నెలకి మూడు నాలుగు రోజులు వాడితే గడ్డకట్టే ప్రమాదం చాలా తక్కువ. అయినా ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, రంగులు తేడాగా కనిపించినా మాత్ర ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

"ఆపేస్తే చెడు రక్తం లోపలే ఉండిపోతుంది" అని మీకు ఎవరో ఒకరు ఈపాటికి చెప్పే ఉంటారు. చెడు రక్తం అనేది లేదు. పోయేది మీ ఒంట్లో తిరిగే రక్తమే, దాంతోపాటు ఐరన్ కూడా.

ఇక మెఫెనమిక్. పీరియడ్ దగ్గర పడినప్పుడు గర్భసంచి పొరలో ప్రోస్టాగ్లాండిన్‌లు అనే పదార్థాలు తయారవుతాయి. వాటిలో కొన్ని కండరాన్ని పిండుతాయి, ఆ మెలిపెట్టే నొప్పి దాని వల్లే. కొన్ని రక్తనాళాలని వెడల్పు చేస్తాయి, గడ్డకట్టడానికి అడ్డుపడతాయి. భారీ బ్లీడింగ్ ఉన్నవాళ్లలో ఈ రెండో రకం వైపు తూకం మొగ్గుతుంది. మెఫెనమిక్ యాసిడ్ ఈ ప్రోస్టాగ్లాండిన్‌ల తయారీకి కావలసిన ఎంజైమ్‌నే ఆపుతుంది, కాబట్టి నొప్పీ తగ్గుతుంది, బ్లీడింగూ తగ్గుతుంది. మీకు తగ్గినట్టనిపించింది ఇదే. మామూలు నొప్పి మాత్ర పారాసెటమాల్‌తో ఈ బ్లీడింగ్ లాభం రాదు. ఆస్ప్రిన్ జోలికైతే అసలు పోవద్దు, అది బ్లీడింగ్‌ని పెంచే రకం.

దీని బలం ట్రానెక్సామిక్ కంటే తక్కువ, సుమారు 20 నుంచి 40 శాతం. మోతాదు 500 మి.గ్రా. మూడు పూటలా, భోజనం చేశాకే. పీరియడ్ మొదలైన దగ్గర్నుంచి ధార ఎక్కువగా ఉన్నన్ని రోజులు. నొప్పి భరించలేనప్పుడు ఒకటి వేసుకుని ఊరుకుంటే నొప్పి తగ్గుతుంది గానీ బ్లీడింగ్‌కి పెద్దగా ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఇది తయారీని ఆపే మందు, తయారైపోయినదాన్ని ఏమీ చేయలేదు. కడుపులో అల్సర్, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లకి, నొప్పి మాత్రలు వేసుకుంటే ఆస్తమా లేచేవాళ్లకి, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకి ఇది పనికిరాదు. నల్లటి విరేచనం, ఒళ్లంతా దద్దురు, దద్దురుతో పాటు జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆపేయాలి. అయితే ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకి విరేచనం ఎలాగూ నల్లగానే అవుతుంది, తారులా జిగటగా దుర్వాసనతో ఉంటేనే కంగారు పడాలి.

రెండూ కలిపి వేసుకోవచ్చా అంటే, వేసుకోవచ్చు. ఒకటి మూతని కాపాడుతుంది, ఇంకొకటి నాళం వెడల్పు కాకుండా చూస్తుంది, రెండూ పని చేసే చోట్లు వేరు. పైన చెప్పిన ఇబ్బందులేవీ లేకపోతే, నొప్పి కూడా ఉన్న మీలాంటి వాళ్లకి డాక్టర్లు ఇలా రాస్తారు. కానీ ఒక చిక్కుంది. రెండూ ఒకే మాత్రలో కలిపినవి కూడా దొరుకుతాయి, ట్రానెక్సామిక్ 500, మెఫెనమిక్ 250 అని స్ట్రిప్ మీద ఉంటుంది. అది పూటకి ఒకటి చొప్పున మూడు వేసుకుంటే మీకు ట్రానెక్సామిక్ 1.5 గ్రాములు, మెఫెనమిక్ 750 మి.గ్రా. వస్తుంది, అంటే రెండూ సగం సగం మోతాదే. "రెండు మందులు కలిపి వాడినా తగ్గలేదు" అని వచ్చేవాళ్లలో కొందరి కథ ఇదే. స్ట్రిప్ వెనక అంకెలు చదివి, పూటకి ఎన్ని అన్నది మీ డాక్టర్‌నే అడిగి తేల్చుకోండి, సొంతంగా రెట్టింపు చేయొద్దు.

మీ అక్కగారి విషయం. నోర్‌ఎథిస్టిరోన్ ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోన్ మందు. ఆగకుండా అవుతున్న బ్లీడింగ్‌ని ఆపడానికి 5 మి.గ్రా. మూడు పూటలా పది రోజులు ఇస్తారు, సాధారణంగా రెండు మూడు రోజుల్లో కట్టేస్తుంది. ఆ పది రోజులూ గర్భసంచి లోపలి పొర ఆ హార్మోన్ ఆసరాతో నిలబడి ఉంటుంది. మాత్ర ఆపగానే ఆసరా పోతుంది, పొర ఊడుతుంది, రెండు నుంచి నాలుగు రోజుల్లో పీరియడ్ వస్తుంది, మొదట పేరుకున్న పొరంతా పోవాలి కాబట్టి అది ఎక్కువగానే రావొచ్చు. అది మందు వికటించడం కాదు, మందు ఆపితే జరగాల్సిందే. ఆ ముక్క ముందే ఎవరూ చెప్పకపోవడమే అసలు లోపం. చెప్పి ఉంటే ఆవిడ హడలిపోయేది కాదు, మీకీ భయం అంటుకునేది కాదు.

నెలనెలా తగ్గించడానికి కూడా దీన్ని వాడతారు, కానీ అప్పుడు పీరియడ్ ఐదో రోజు నుంచి ఇరవై ఆరో రోజు దాకా రోజూ వేసుకోవాలి. అలా వాడితే బాగానే తగ్గుతుంది. పీరియడ్‌కి ముందు పది పన్నెండు రోజులు మాత్రమే వేసుకునే పాత పద్ధతి, మీలాగా టైముకి వస్తూ ఎక్కువగా అయ్యేవాళ్లకి పెద్దగా పనికిరాదు. ఇరవై రెండు రోజులు, రోజుకి మూడు మాత్రలు, కడుపు ఉబ్బరం, రొమ్ముల నొప్పి, చిరాకు, తలనొప్పి భరించి ఏడాది పొడుగునా వాడగలిగేవాళ్లు తక్కువమంది. ఈ మోతాదులో నోర్‌ఎథిస్టిరోన్ కొంత ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా కూడా మారుతుంది, కాబట్టి రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు దీన్ని కూడా మామూలు మాత్రలా తీసుకోకూడదు.

గర్భనిరోధక మాత్రలు, అంటే ఈస్ట్రోజెన్ కూడా కలిసినవి, ఇంకో దారి. పొరని పలచగా ఉంచి టైముకి వచ్చేలా చేస్తాయి, బ్లీడింగ్ సగం దాకా తగ్గుతుంది, నొప్పి కూడా. ట్యూబెక్టమీ అయినవాళ్లు వాడకూడదనేం లేదు. కానీ 35 దాటి సిగరెట్ తాగేవాళ్లకి, బీపీ ఉన్నవాళ్లకి, కళ్ల ముందు మెరుపులు వచ్చి మొదలయ్యే మైగ్రేన్ ఉన్నవాళ్లకి, గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి ఇవి వద్దు. వీటితోపాటు ట్రానెక్సామిక్‌ని సొంతంగా కలపకండి, గడ్డకట్టే ప్రమాదం రెండు పక్కల నుంచీ పెరుగుతుంది. మీ విషయంలో నేనైతే దీన్ని మొదటి మందుగా ఎంచుకోను.

కాయిల్ సంగతి మీరు భయపడుతున్నంత లేదు. మీ డాక్టర్ గారు చెప్పింది లెవోనోర్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉన్న కాయిల్ అయి ఉంటుంది, 52 మి.గ్రా. మందు ఉండేది. రాగి కాయిల్‌తో పొరపాటు పడొద్దు, అది బ్లీడింగ్‌ని పెంచుతుంది, పేర్లు కలిపేసుకుని ఇంట్లో గొడవలు పెట్టుకున్నవాళ్లని చూశాను. హార్మోన్ కాయిల్ మొదట్లో రోజుకి సుమారు 20 మైక్రోగ్రాముల మందుని గర్భసంచి లోపలే వదులుతుంది. నోర్‌ఎథిస్టిరోన్ రోజుకి 15 మి.గ్రా., అంటే 15,000 మైక్రోగ్రాములు. మందులు వేరు, బలాలు వేరు కాబట్టి అంకెకి అంకె పోల్చకూడదు గానీ, ఒకటి నోటి ద్వారా ఒళ్లంతా తిరిగి గర్భసంచిని చేరుతుంది, ఇంకొకటి చేరాల్సిన చోటే ఉండి పని చేస్తుంది, రక్తంలోకి వెళ్లేది కొద్దిగానే. అందుకే మీ అక్కకి జరిగినదాన్ని దీనికి అంటగట్టలేం.

ఇది పొరని పెరగనివ్వదు. ఊడిపోవడానికి పొరే లేకపోతే బ్లీడింగ్ ఎక్కడి నుంచి వస్తుంది? తగ్గుదల ఎక్కువమందిలో 70 నుంచి 95 శాతం దాకా ఉంటుంది. మీ 341ని 90 శాతం తగ్గిస్తే 34. మాత్రలు చేరుకోలేని అంకె అది. ఏడాది తిరిగేసరికి ఐదుగురిలో ఒకరికి పీరియడ్ పూర్తిగా ఆగిపోతుంది కూడా. అండాశయాలు చాలావరకు మామూలుగానే పని చేస్తుంటాయి, మెనోపాజ్ కాదు.

కానీ దీనికి ఓపిక కావాలి, ఇది ముందే చెప్పకపోతే మూడో నెలలో మీరు తీయించేసుకుంటారు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు ఎప్పుడు పడితే అప్పుడు చుక్కలు చుక్కలుగా, కొందరికి రోజుల తరబడి మరకలు కనిపిస్తాయి. మొత్తం రక్తం తగ్గుతూనే ఉంటుంది, కానీ ప్యాడ్ పెట్టుకోవాల్సిన రోజులు పెరుగుతాయి, విసుగు రావడం సహజం. లాభం సంగతి ఆరు నెలల తర్వాతే తేల్చాలి. ఆ మొదటి పీరియడ్స్ కొన్నిటికి డాక్టర్ ట్రానెక్సామిక్ కూడా రాయొచ్చు, ఈ కాయిల్‌లో ఈస్ట్రోజెన్ లేదు కాబట్టి ఆ రెంటికీ పేచీ లేదు. సుమారు ఇరవై మందిలో ఒకరికి కాయిల్ జారి బయటికి వచ్చేస్తుంది, ధార ఎక్కువ ఉన్నవాళ్లలో ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువ. తగ్గిన బ్లీడింగ్ ఉన్నట్టుండి మళ్లీ పెరిగితే ముందు కాయిల్ దారాలు తగులుతున్నాయా లేదా చూపించుకోండి. పెట్టేటప్పుడు గర్భసంచికి చిల్లు పడటం అరుదు, వెయ్యి మందిలో ఒకరిద్దరికి. మొటిమలు, రొమ్ముల నొప్పి, తలనొప్పి కొందరికి మొదటి నెలల్లో ఉంటాయి. నచ్చకపోతే తీయించేసుకోవచ్చు, ఆ వీలు గర్భసంచి తీయించుకున్నాక ఉండదు.

ఇన్ని చెప్పాక ఒక మాట. పై మందుల్లో ఏదీ మీ హిమోగ్లోబిన్‌ని నింపదు, పోయేదాన్ని తగ్గిస్తాయంతే. 9.2 అంటే 100 మి.లీ. రక్తంలో 9.2 గ్రాముల హిమోగ్లోబిన్, ఒక్కో గ్రాములో 3.4 మి.గ్రా. ఐరన్ ఉంటుంది. మీకు నెలకి 150 మి.లీ. పోతోందనుకుందాం, అప్పుడు పోయే ఐరన్ సుమారు 47 మి.గ్రా. ఆహారం నుంచి మన ఒళ్లు రోజుకి పీల్చుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములే, అందులో ఒకటి ఎలాగూ రోజువారీ పోతుంది. ఎంత బాగా తిన్నా ఈ లెక్క పూడదు. ఐరన్ మాత్ర మీకు తప్పనిసరి, రోజుకి ఒకటి చాలు, కడుపు పడకపోతే రోజు మార్చి రోజు. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ ఎక్కుతుందనుకోవద్దు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు వాడితే గానీ నిల్వలు నిండవు. ఆ నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించకపోతే చేయించండి.

స్కాన్ నార్మల్ అన్నది మంచి విషయమే కానీ, పొత్తికడుపు మీద నుంచి చేసిన స్కాన్‌లో చిన్న పాలిప్ గానీ, పొర కిందకి చొచ్చుకొచ్చిన చిన్న ఫైబ్రాయిడ్ గానీ కనబడకుండా పోవచ్చు. అవి ఉంటే పై మందులు ఓ మాదిరిగా పని చేసి ఆగిపోతాయి. మీకు పీరియడ్స్ మధ్యలో గానీ కలిసిన తర్వాత గానీ బ్లీడింగ్ ఉంటే అది వేరే కథ, లోపలి పొర ముక్క తీసి పరీక్ష చేయాల్సి రావొచ్చు. 45 దాటినవాళ్లలో ఈ పరీక్ష గురించి ఇంకా ముందే ఆలోచిస్తారు. పీరియడ్స్ మొదలైన చిన్నతనం నుంచీ ఇలాగే ఉండి, పన్ను తీసినప్పుడు రక్తం ఆగకపోవడం, ఊరికే కమిలిపోవడం లాంటివి ఉన్నవాళ్లలో వాన్ విల్లెబ్రాండ్ అనే రక్తస్రావ జబ్బు ఉందేమో చూడాలి. మీకు రెండేళ్ల నుంచే కాబట్టి ఆ అవకాశం తక్కువ. ఆపరేషన్ అయినా సరే, పీరియడ్ ఆలస్యమై తర్వాత ధారగా వస్తే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి.

మీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. చీటీ తీసుకుని మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, "రోజుకి 1 గ్రామే వేసుకున్నాను" అని ఉన్నదున్నట్టు చెప్తాను. పూర్తి మోతాదులో ట్రానెక్సామిక్, భోజనం తర్వాత మెఫెనమిక్, రెండూ మొదటి రోజు నుంచే, మూడు పీరియడ్స్. ప్రతి రోజూ ప్యాడ్‌ల లెక్క ఒక కాగితం మీద, ఏ మాత్ర ఏ టైముకి వేసుకున్నానో పక్కనే. మూడో నెలకి మొత్తం 100 దగ్గరికి వచ్చి, హిమోగ్లోబిన్ పెరుగుతూ ఉంటే అలాగే కొనసాగిస్తాను. 170 దగ్గరే ఆగిపోతే నాలుగో నెల కూడా అవే మాత్రలు మింగను, కాయిల్‌కి సరే అంటాను, పెట్టే ముందు లోపలి నుంచి చేసే స్కాన్ ఒకసారి చేయమంటాను. ఈలోపు ఎప్పుడైనా గంటకో ప్యాడ్ చొప్పున రెండు మూడు గంటలు వరసగా తడిసిపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా మాత్రల లెక్కలు పక్కన పెట్టి ఎమర్జెన్సీకి వెళ్లండి, పక్కన ఎవరినైనా తోడు తీసుకుని.